మియాద్ దాటుతుందని ముందే చెప్పాలి

మా భాంజా విజయవాడలో సాఫ్ట్‌వేర్ దుకాణం నడుపుతాడు. దుకాణం అని నేనంటాను, వాడికి నచ్చదు. వాడూ, మరో ఇద్దరు కుర్రాళ్ళూ, అద్దెకు తీసుకున్న ఒక గది, అంతే. జి. కొండూరులో మామిడి వ్యాపారం చేసే ఒక హాజీ సాబ్ లెక్కలన్నీ కంప్యూటర్ మీదికి తెచ్చే పని జనవరి మొదట్లో ఒప్పుకున్నాడు. కాటా మీద తూకం పడగానే తక్‌పట్టీ అచ్చవ్వాలి. కమీషన్, హమాలీ అందులోనే తగ్గాలి. రైతుకి ముందిచ్చిన బయానా ఎంత మిగిలిందో కనబడాలి. కొండూరు షెడ్డులోనూ, నున్న మార్కెట్లోనూ ఒకే ఖాతా ఉండాలి. పన్నెండు వారాల్లో, అంటే మార్చి 25కి ఇస్తానని వాదా చేశాడు. ఏప్రిల్లో బంగినపల్లి కోతలు జోరందుకుంటాయి కాబట్టి హాజీ సాబ్ ఆ తారీఖు పెట్టాడు.

ఆరో వారం చివర భాంజా ఒక ఉత్తరం ముసాయిదా పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "మామూ, నీ తెలుగు బాగుంటుంది, కాస్త సరిచేయి" అన్నాడు. "కొన్ని అనివార్య సాంకేతిక కారణాల వల్ల స్వల్ప జాప్యం జరిగే అవకాశం ఉన్నట్లు తెలియజేయుటకు చింతిస్తున్నాము" అని ఉంది. ఉర్దూ మీడియం బళ్ళో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి నేను. ఇరవై ఏళ్ళుగా పత్రికాఫీసులో ఇలాంటి వాక్యాలు కొట్టేస్తూనే ఉన్నాను. ఎవరు ఆలస్యం చేశారో, ఎన్ని రోజులో, ఎందుకో, ఒక్కటీ అందులో లేదు. స్వల్పం అంటే రెండు రోజులా రెండు నెలలా అని అడిగితే వాడి దగ్గరా జవాబు లేదు. ముందు లెక్క తేల్చు, ఉత్తరం తర్వాత రాద్దాం అన్నాను.

లెక్క తేల్చడం మరీ కష్టం కాలేదు. మొత్తం పనిని వాడు ముందే దాదాపు సమానమైన ముప్ఫై ఆరు ముక్కలుగా విడగొట్టుకున్నాడు. వారానికి మూడు పూర్తి కావాలి. ఆరు వారాలకి పద్ధెనిమిది కావాల్సింది, పన్నెండే అయ్యాయి. సగం అయినవాటిని వాడు లెక్కలో కలపలేదు, అది మంచిదే. సగం అయిన తక్‌పట్టీతో ఎవరికీ డబ్బులివ్వలేం. అంటే అసలు వేగం వారానికి రెండు. మిగిలినవి ఇరవై నాలుగు, మధ్యలో కొత్తగా బయటపడ్డవి నాలుగు, మొత్తం ఇరవై ఎనిమిది. వారానికి రెండు చొప్పున ఇంకా పద్నాలుగు వారాలు. చేతిలో ఉన్నవి ఆరు. స్వల్పం కాదు, ఎనిమిది వారాలు. మే నెల మూడో వారం అవుతుంది, ఆ రోజుల్లో కొండూరులో ఎవరికీ అన్నం తినడానికి తీరిక ఉండదు.

వేగం ఎందుకు తగ్గిందని అడిగాను. రెండు చోట్ల ఒకే ఖాతా అన్నదే గొంతులో ముల్లయింది. నెట్ పోయినప్పుడు కొండూరులో ఒక రైతు బయానా బాకీలో పదివేలు తగ్గిస్తారు, అదే గంటలో నున్నలో పాత బాకీ చూసి మళ్ళీ తగ్గిస్తారు. నెట్ వచ్చాక రెండు కంప్యూటర్లూ కలిసినప్పుడు ఎవరి మాట నిజం? అది తేలకుండా ఇచ్చేస్తే ఒక సీజన్లో వంద మంది రైతుల లెక్కలు పాడవుతాయి. రైతు సొమ్ము అమానత్ కదా, అందుకే వాడు అక్కడే ఆగి రాత్రులు గడిపాడు.

తర్వాతి ప్రశ్న కొత్త తారీఖు. మే మూడో వారం అని రాయడం తేలిక, కానీ హాజీ సాబ్‌కి అది ఎందుకూ పనికిరాదు. సీజన్ నడుమ ఏ మున్షీ బహీ మూసి కంప్యూటర్ తెరవడు. కాబట్టి తారీఖు జరపకుండా పనిని రెండుగా కోశాం. తూకం, తక్‌పట్టీ, కమీషన్, హమాలీ, అదీ కొండూరు షెడ్డు ఒక్కదానికే. ఇవి తొమ్మిది ముక్కలు, నాలుగున్నర వారాల పని. మార్చి 25కి ఆరు వారాలున్నాయి గనుక వారంన్నర పరీక్షలకి మిగులుతుంది. బయానా ఖాతా ఈ సీజన్‌కి బహీలోనే ఉంటుంది, తక్‌పట్టీ మీద పాత బాకీ గడి ఖాళీగా అచ్చవుతుంది, మున్షీ చేత్తో నింపుతాడు. మిగతా పంతొమ్మిది ముక్కలకి తొమ్మిదిన్నర వారాలు చాలు. అయినా జూన్ ఆఖరు దాకా మియాద్ అడిగాం. సీజన్లో షెడ్డు నుంచి ఫోన్లొస్తాయి, పరుగెత్తాలి. జులై 1న, కాయలయిపోయాక, రెండు చోట్లా పెడతారు.

ఇంకొకటి కూడా చేర్పించాను. మార్చి 15 నాటికి కాటా నుంచి తూకం తనంతట తాను సరిగ్గా రాకపోతే ఆ ముక్క వదిలేసి, మున్షీ అంకె చూసి టైపు చేస్తాడు. ఆలస్యమైన పనికి రెండోసారి తారీఖు ఇస్తున్నప్పుడు అది కూడా తప్పితే ఏం చేస్తామో రాసిపెట్టకపోతే అవతలివాళ్ళెందుకు నమ్మాలి?

ఉత్తరం పంపే ముందు ఎదురుగా వెళ్ళి చెప్పాలన్నది నా పట్టు. ఇద్దరం మైలవరం రోడ్డెక్కి వెళ్ళాం. సలాం, చాయ్ అయ్యాక భాంజా మొదటి మాటే అసలు మాట చెప్పాడు: "హాజీ సాబ్, మీరు అడిగినదంతా మార్చి 25కి ఇవ్వలేను. కొంత ఇస్తాను, మిగతాది జులై 1కి, ఇన్షా అల్లా."

పెద్దాయన కప్పు కింద పెట్టాడు. "బేటా, ఈ ఇన్షా అల్లా అవుతుందని చెప్పేదా, అవదని చెప్పేదా?"

నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. మనవాళ్ళు ఆ మాటని ఎన్ని అప్పుల ముందు, ఎన్ని పెళ్ళిపత్రికల ముందు పర్దాలా వాడారో ఆయనకి తెలుసు. భాంజా జేబులోంచి ముప్ఫై ఆరు ముక్కల కాగితం తీసి, పూర్తయినవి టిక్కులతో చూపించాడు. వారానికి రెండే అవుతున్నాయని వేలు పెట్టి చెప్పాడు. ఆయన చాలాసేపు చూసి, "ఇంకో నలుగురు కుర్రాళ్ళని పెట్టు, పైసా నేనిస్తా" అన్నాడు.

ఈ ప్రశ్న వస్తుందని అనుకున్నాం. ఐబీఎంలో ఓఎస్/360 అనే పెద్ద పని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో దీని మీదే పుస్తకం రాశాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని ఆయన తజుర్బా. కొత్తవాళ్ళకి నేర్పేది ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళే, ఆ రోజులు వాళ్ళ పని ఆగుతుంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమూ పెరుగుతుంది. అన్ని పనులకీ ఇది వర్తించదు, విడివిడిగా చేసుకోగలిగే పని అయితే చెయ్యి సాయం పనికొస్తుంది. భాంజా ఇదంతా చెప్పలేదు. "కోతకి కూలీలు పెరిగితే తోట త్వరగా అవుతుంది హాజీ సాబ్. మాగేసే గదిలో నలుగురిని కూర్చోబెడితే కాయ త్వరగా మాగుతుందా?" అన్నాడు.

ఆయన ఒప్పుకున్నాడు, కానీ ఉచితంగా కాదు. మార్చిలో రావలసిన ఆఖరి కిస్తు మొత్తం జులైకి జరిపాడు. సగమైనా ఇప్పుడిమ్మని భాంజా అడిగాడు, కుర్రాళ్ళ జీతాలున్నాయని కూడా చెప్పాడు. "వాళ్ళ జీతం నీ జిమ్మేదారీ" అన్నాడాయన. కటువుగానే ఉన్నా కాదనడానికి మాకు మాటలేదు. బస్సులో వాడు చాలాసేపు కిటికీలోంచి తోటలు చూస్తూ కూర్చున్నాడు, అక్క దగ్గర చేబదులు అడగాలేమో అన్నాడు. ఆ రాత్రే ఉత్తరం పంపాడు. మొదటి వాక్యం ఇలా ఉంది: మొత్తం పని మార్చి 25కి పూర్తి కాదు, జులై 1కి పూర్తవుతుంది.

మార్చి 20న షెడ్డులో పరీక్ష పెట్టారు. నిరుటి బహీలోంచి యాభై తక్‌పట్టీలు తీసి, అవే తూకాలు, అవే ధరలు కంప్యూటర్‌లో వేసి రూపాయితో సహా సరిపోతున్నాయా అని చూడటం. నలభై ఎనిమిది సరిపోయాయి. రెండింటిలో తేడా వస్తే భాంజా ముఖం పాలిపోయింది. హాజీ సాబ్ కాగితం, పెన్సిల్ తీసుకుని స్వయంగా కూడాడు. రెండు చోట్లా హమాలీ తప్పు వేసింది మున్షీ. ఆయన రెండు రోజులు భాంజాతో మాట్లాడలేదు.