పంటు మీద ఒక మాట

తెల్లారేసరికి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ దిగి, ఆటోలో వశిష్ఠ గోదావరి రేవుకి వచ్చాను. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. అంతర్వేది వెళ్లేవాళ్లూ, మోటారు సైకిళ్లూ, కూరగాయల బస్తాలూ అన్నీ ఇక్కడ పంటు మీదే దాటుతాయి. నాకు అవతల పనేమీ లేదు. ఎక్కడం, దాటడం, మళ్లీ అదే పంటులో వెనక్కి రావడం, దారంతా శబ్దాలు రికార్డు చేసుకోవడం: ఇదే నా యాత్ర.

మా దర్శకురాలు ఈ రేవులోనే ఒక షార్ట్ ఫిల్మ్ తీసింది. పంటు ముందు కొసన నిలబడ్డ కొడుకు దగ్గరికి తండ్రి నడిచొస్తాడు. "పొలం అమ్మేశాను నాన్నా" అంటాడు కొడుకు. కథంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. షూటింగ్‌లో రికార్డైన ట్రాక్ వింటే అది "అమ్మేస్తాను" అన్నట్టు వినబడుతోంది. అమ్మేశాడంటే అయిపోయింది, అమ్మేస్తానంటే తండ్రి ఇంకా అడ్డుకోవచ్చు. సినిమా ఒకటి తీస్తే జనం ఇంకొకటి చూస్తారు. డబ్బింగ్ చెప్పిద్దామంటే కొడుకు వేషం వేసినతను నటుడు కాదు, ఈ ఊరి రైతే. అతని గొంతులోని ఆ తడబాటు స్టూడియో అద్దాల గదిలో రాదని ఆమె పట్టు. అందులో న్యాయం ఉంది.

రెండు మాటలూ ఎందుకు కలిసిపోతున్నాయో రైల్లో వస్తూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పదేపదే విన్నాను. "త" పలికే ముందు నాలుక పళ్ల వెనక ఆని గాలిని ఒక్క లిప్తపాటు ఆపుతుంది. మన చెవి "త"ను గుర్తుపట్టేది చాలావరకు ఆ చిన్న ఖాళీని బట్టే. "శా"లో ఆ ఖాళీ ఉండదు, గాలి ఆగకుండా బుసలా వస్తుంది. ఆ బుస ఎక్కువగా 2,500 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. పంటు ఇంజిను టకటకా, నీళ్ల సరసరా వచ్చి పడేదీ అక్కడే. బుస సగం మునిగి, మధ్యలో ఒక టక్కు పడితే చాలు, లేని "త" వినబడుతుంది. మొత్తం ఇంజిను శబ్దాన్ని తగ్గించేస్తే సరిపోదు. అప్పుడు పంటు నడుస్తున్నట్టే ఉండదు. పైగా ఇంజిను ఇప్పటికే ఆ మాట రికార్డైన ట్రాక్‌లోనే ఉంది. షాట్ మారినప్పుడల్లా అది పెరిగి తగ్గి గతుకుల్లా తెలుస్తోంది. ఆ గతుకుల్ని కప్పడానికి కింద తెగకుండా పరుచుకునే ఇంజిను శబ్దం కావాలి, కానీ ఆ శబ్దం "శా" ఉన్న చోటికి రాకూడదు.

మొదటి ట్రిప్పులో ఇంజిను పక్కనే మైకు పెట్టాను. సరంగు నన్ను చూసి, "ఆయ్, ఈ మోతని డబ్బులెట్టి రికార్డు చేత్తారాండీ?" అని నవ్వాడు. అక్కడ వినబడింది ఎక్కువగా టకటకే, నాకు వద్దనుకున్న శబ్దమే. ముందు కొసకి, వాహనాలు దిగే రేకు దగ్గరికి వెళ్లాను. అక్కడికి చేరేసరికి మధ్యలో నిలబడ్డ జనం, బస్తాలు, ఒక టాటా ఏస్ ఆ టకటకని అడ్డుకున్నాయి. కింద డుగుడుగు మాత్రం రేకుల గుండా పాదాలకి తెలుస్తూ వస్తోంది. సన్నని శబ్దాలు అడ్డొచ్చినవాటి దగ్గర ఆగిపోతాయి, బొంగురువి చుట్టి వచ్చేస్తాయి. కంప్యూటర్లో ఈక్వలైజర్‌తో గంటసేపు చెక్కినా రాని ఇంజిను అక్కడ నిలబడితే ఊరికే దొరికింది. సీను జరిగేదీ ఆ కొసనే, కాబట్టి చూసేవాడి కంటికి చెవికి పొత్తు కుదురుతుంది. గాలికి మైకు మీద బొచ్చు తొడుగు వేసి, అవతలి ఒడ్డు చేరేదాకా ఎక్కడా ఆపకుండా రికార్డు చేశాను.

అడుగుల చప్పుడు మాత్రం ఇంజిను నడుస్తుంటే దొరకదు. మర్నాడు మొదటి ట్రిప్పుకి ముందే, పంటు కట్టేసి ఉండగా, సరంగుని అడిగి ఎక్కాను. తండ్రి వేసుకున్నలాంటి హవాయి చెప్పులు కొని తెచ్చాను. ఇనుప రేకు మీద హవాయి చెప్పు రెండు శబ్దాలు చేస్తుంది: మడమ ఆనినప్పుడు మెత్తని దెబ్బ, అడుగు లేపినప్పుడు చెప్పు పాదానికి తగిలే చప్పట. ఆ చప్పటే ప్రమాదం. అది మాటలోని హల్లుల్లా ఉంటుంది, వాటితోనే పోటీ పడుతుంది. అందుకే రెండు రకాలుగా నడిచాను, మామూలుగా ఒకసారి, కాలు ఈడుస్తూ చప్పట రాకుండా ఇంకోసారి.

ఆ రాత్రి లాడ్జి గదిలో లాప్‌టాప్ తెరిచాను. సీను మొదట్లో పంటు మొత్తం కనిపించే షాట్ ఉంది. అక్కడ ఇంజిను, నీళ్లు, మోటారు సైకిల్ హారను, కాకులు అన్నీ పూర్తిగా వినిపించాను. తండ్రి అడుగులు మొదట మామూలువి, కొడుకు దగ్గరయ్యే కొద్దీ ఈడ్చినవి. ఆయన ఆగేలోగా, నాలుగు సెకన్లలో, ఇంజినుని ఎనిమిది డెసిబెల్స్ దించాను. చూసేవాడు పట్టుకోడు, ఎందుకంటే ఇంజిను ఉందని అతనికి ముందే నమ్మకం కుదిరింది, మొహాలు దగ్గరయ్యాక మనసు మొహాల మీదకి పోతుంది. మాటలు నడిచేటప్పుడు కింద పరిచిన ఆ ఇంజిను శబ్దాన్ని మాటకన్నా పద్దెనిమిది డెసిబెల్స్ కిందే ఉంచాను. కాకి అరుపూ, తాడు కిర్రుమనడం లాంటివి వాక్యాల మధ్య ఖాళీల్లోకి జరిపాను. షూటింగ్ ట్రాక్‌లో "శా" మీద పడ్డ టక్కుని తీసేసి, పక్కనే ఉన్న ఇంజిను ముక్కతో అతికాను.

చివర్లో జనమంతా దిగిపోయే షాట్ ఒకటుంది. అంతమంది అడుగులు ఒక్కొక్కటి సరిపెట్టాలంటే వారం పడుతుంది. వాల్టర్ మర్చ్ 1971 నాటి "టీహెచ్ఎక్స్ 1138"లో రోబోల నడకకి పని చేస్తూ కనిపెట్టిన కిటుకు ఇక్కడ అక్కరకొచ్చింది: ఒకరివో ఇద్దరివో అయితే అడుగు కాలితో కలవాలి, ఇద్దరు దాటితే ఎవరి అడుగు ఎవరిదో చెవి లెక్కపెట్టలేదు. ముందు దిగే ఇద్దరికి సరిగ్గా వేసి, మిగతావాళ్లకి రేవులో రికార్డు చేసిన జనం దిగే సందడి పరిచేశాను.

ఇక పరీక్ష. నాకూ దర్శకురాలికీ ఆ డైలాగు కంఠతా వచ్చు, వినబడకపోయినా మా మెదడే పూరించేస్తుంది. కథ తెలియని చెవి కావాలి. రేవు దగ్గర టీ కొట్టాయనకి ఫోన్‌లో సీను చూపించాను. ఫోన్ స్పీకరులో ఇంజిను డుగుడుగు దాదాపు మాయమవుతుంది, నీళ్ల సరసర మాత్రం మిగిలి పెద్దదవుతుంది. అసలు పరీక్ష అదే, ఎందుకంటే షార్ట్ ఫిల్ములు చూసేవాళ్లలో చాలామంది ఫోన్‌లోనే చూస్తారు. నాకే ఆ మాట దగ్గర నీళ్లు కొంచెం ఎక్కువనిపించాయి. అక్కడే కూర్చుని, ఆ ఒక్క మాట కింద నీళ్లని మూడు డెసిబెల్స్ తగ్గించి మళ్లీ చూపించాను.

"కొడుకు ఏమన్నాడండీ?" అని అడిగాను.

"పొలం అమ్మేసేనన్నాడు కదండీ. పాపం, పెద్దాయన ఏం చేత్తాడింక?" అని గ్లాసు కడుగుతూ, "కాకులే మరీ ఎక్కువైపోయాయండీ. నది మధ్యలోకి అన్ని కాకులెందుకొత్తాయి, ఒడ్డునుంటాయి గానీ" అన్నాడు.

నిజమే. కాకుల్ని ఒడ్డు షాట్‌కి జరిపేశాను.