డ్యూటీ చార్టులో మేడారం

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదుల్లో ఉంటూ, మెట్రోలో మూడు స్టేషన్లు దాటి ఎల్.బి.నగర్ వైపు ఆసుపత్రుల్లో నర్సులుగా పనిచేసే ఆదివాసీ ఆడపిల్లలం మేము. సెలవు కాగితం రాయడం మాకు నర్సింగ్ స్కూల్లో ఎవరూ నేర్పలేదు. సంక్రాంతికి, దసరాకి సెలవు కావాలంటే అందరికీ అర్థమవుతుంది. మేడారం అంటే మాత్రం "గుడికే కదా, ఇంకోసారి వెళ్లొచ్చులే" అంటారు. జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఈసారి తప్పితే మళ్లీ రెండేళ్ల దాకా అమ్మవార్ల గద్దెలు చూడం. కాబట్టి కాగితం మీద మొదటి వాక్యం ఇదే ఉండాలి: ఇది మా ఇంటి దేవర పండుగ, రెండేళ్లకోసారి, తేదీలు మారవు.

2024లో జాతర ఫిబ్రవరి 21 బుధవారం నుంచి 24 శనివారం దాకా జరిగింది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెనెక్కుతుంది. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. మా గదిలోని ఒక చెల్లికి గురు, శుక్రవారాలు తప్పనిసరిగా కావాలి.

ముందుగా వార్డు లెక్క చూశాం. ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి మర్నాడు 8 దాకా డ్యూటీలు. ఒక్కో డ్యూటీకి ఇద్దరు, అంటే రోజుకు ఆరుగురు. వార్డులో సిస్టర్లు ఏడుగురు, కాబట్టి రోజుకు ఒక్కరికే వీక్లీ ఆఫ్. ఒకరు సెలవు పెడితే ఆ రోజు ఆఫ్‌లో ఉన్నావిడ రావాలి, లేదా పక్క వార్డు నుంచి ఎవరినైనా పంపాలి. ఇన్‌చార్జి సిస్టర్ "కుదరదమ్మా" అనడానికి కోపం కారణం కాదు, ఈ లెక్కే కారణం. ఆ లెక్కకు జవాబు మనమే పట్టుకెళ్తే మాట నడుస్తుంది.

చెల్లికి ఆ వారమంతా ఉదయం డ్యూటీ, ఆదివారం ఆఫ్. కేరళ సిస్టర్‌కు సోమ, మంగళవారాలు నైట్, బుధవారం ఆఫ్. ఆమెకు ఆదివారం చర్చి ఉంటుంది. అందుకని ఆ నాలుగు రోజులూ ఇద్దరూ మార్చుకున్నారు. చెల్లి రెండు నైట్లు చేసి బుధవారం పొద్దున 8కి దిగింది. హన్మకొండ బస్సులోనే నిద్రపోయింది. ఒక్క సెలవూ ఖర్చు కాకుండా బుధవారం చేతికొచ్చింది.

గురువారం ఖమ్మం అక్కకు ఆఫ్. ముందు రోజు ఆమెది ఉదయం డ్యూటీ, మధ్యాహ్నం 2కే అయిపోతుంది. ఆమె గురువారం చెల్లి బదులు చేస్తానంది. ఆ బాకీ కింద మార్చి 1న, చెల్లికి ఆఫ్ ఉన్న రోజు, అక్క డ్యూటీ చెల్లి చేస్తుంది.

శుక్రవారం దగ్గర చిక్కు వచ్చింది. ఆ రోజు ఆఫ్ నల్లగొండ అక్కది. కానీ ఆమె గురువారం నైట్ చేసి శుక్రవారం పొద్దున 8కి దిగుతుంది. చార్టులో "ఆఫ్" అని ఉన్నా అది నిద్రపోయే రోజు. మొహమాటానికి ఆమె సరేనన్నా అడగకూడదు. పన్నెండు గంటలు మేలుకున్న మనిషి వెంటనే ఇంకో ఆరు గంటలు మందులు ఇస్తే, ఇంజెక్షన్ మోతాదు తప్పినా ఆమెకే తెలియదు. చార్టులో ఆఫ్ చూసినప్పుడల్లా దాని పక్క గడి కూడా చూడాలి. అక్కడ నైట్ ఉంటే ఆ పేరు వదిలేయాలి. అందుకే శుక్రవారానికి మార్పిడి కాకుండా ఒక సీఎల్ అడిగాం. పక్క వార్డు నుంచి ఒకరిని పంపమనే మాట కూడా కాగితంలోనే రాశాం.

జాతర దారిలో బండ్లు గంటల తరబడి ఆగిపోతాయి. అందుకని శనివారం ఉదయం డ్యూటీని ఇంకో సిస్టర్ మధ్యాహ్నం డ్యూటీతో మార్చుకుని, 2కి వస్తానని చెల్లి రాసింది. వస్తానన్న వేళకు రాకపోతే తర్వాత అడిగే ఆదివాసీ పిల్ల మాట కూడా చెల్లదు.

చార్టు అచ్చయ్యాక కొట్టివేతలు ఎవరికీ నచ్చవు. అందుకే అది రాయకముందే ఈ కాగితం ఇచ్చాం:

"మేడమ్, ఫిబ్రవరి 22, 23 తేదీల్లో మా ఇంటి దేవర పండుగ. 19, 20, 21, 25 తేదీల డ్యూటీలు కేరళ సిస్టర్‌తో మార్చుకున్నాను. 22న నా బదులు ఖమ్మం అక్క చేస్తుంది, ఆమె బదులు మార్చి 1న నేను చేస్తాను. 23కి ఒక సీఎల్ ఇచ్చి, పక్క వార్డు నుంచి ఒకరిని పంపించగలరు. 24న మధ్యాహ్నం 2కి డ్యూటీలో ఉంటాను. మార్చుకున్న వాళ్లందరి సంతకాలు కింద ఉన్నాయి."

అసలు కాగితంలో ఊళ్ల బదులు పేర్లు ఉన్నాయి. ఆ సంతకాలు చాలా అవసరం. నోటిమాట మీద మార్చుకుంటే వేలిముద్ర మిషన్‌కు ఆ మాట తెలియదు. వెళ్లినావిడకు ఆబ్సెంట్ పడుతుంది, వచ్చినావిడ చేసిన రోజు లెక్కలోకి రాదు, జీతం రోజున స్నేహం చెడుతుంది. ఇన్‌చార్జి సంతకమయ్యాక కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, మార్చుకున్న వాళ్లందరికీ పంపాం.

ఇన్‌చార్జి సిస్టర్ కాగితం రెండుసార్లు చదివి, "శుక్రవారం ఒక్కటే నేను చూసుకోవాలి కదా" అన్నారు. మార్చి 1న చెల్లి ఖమ్మం అక్క డ్యూటీకి ఎక్కింది. ప్రసాదంగా తెచ్చిన బంగారాన్ని, అంటే మన బెల్లాన్ని, ఆ రోజే వార్డులో అందరికీ పంచింది.