ఐదు బైలు

మొన్న సంక్రాంతికి మా షాద్‌నగర్‌లో కాలనీ పోరగాళ్లమంతా కలిసి ఒక్కరోజు కబడ్డీ నాకౌట్ పెట్టినం. 11 జట్లు వచ్చాయి. ఇంజినీరింగ్ చదువుతున్నాడు కదా అని డ్రా పని నా నెత్తిన పెట్టారు. నేను చేసిందల్లా చీటీలు తీయడమే. ఐదు మ్యాచ్‌లు పడ్డాయి, మిగిలిన ఒక జట్టుకు బై. ఆరు జట్లు మూడయ్యాయి. మళ్లీ బేసి సంఖ్య! మళ్లీ చీటీ తీస్తే, మొదట బై వచ్చిన జట్టుకే మళ్లీ వచ్చింది.

ఆ జట్టు ఒకే ఒక్క మ్యాచ్ ఆడి ఫైనల్‌కొచ్చింది. అవతల మా పెద్దనాన్న కొడుకు జట్టు పొద్దుటి నుంచి మూడు ఆడి వచ్చింది. సెకండాఫ్‌లో అన్నకు పిక్కలు పట్టేసినయ్. ఓడిపోయారు. "గిదేం లెక్కరా తమ్మీ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత కూర్చుని చూస్తే తప్పు తెలిసింది. బైలన్నీ మొదటి రౌండులోనే అయిపోవాలి. 11 దాటాక వచ్చే రెండు ఘాతం 16. పదహారులోంచి 11 తీసేస్తే ఐదు బైలు. మిగతా ఆరు జట్లకు మూడు మ్యాచ్‌లు. గెలిచిన మూడు, బై వచ్చిన ఐదు కలిపి ఎనిమిది. అక్కడి నుంచి ఇక బేసి రాదు. ఎట్లా వేసినా మొత్తం మ్యాచ్‌లు పదే, ఎందుకంటే పది జట్లు ఓడాలి కదా. కానీ కప్పు కొట్టడానికి ఒకరికి మూడు మ్యాచ్‌లు, ఇంకొకరికి నాలుగు. నా పద్ధతిలో రెండు, నాలుగు.

ఆ ఐదు బైలు ఎవరికి? సీడింగ్ చెప్తుంది. పదహారు గళ్ల డ్రాలో మొదటి రౌండు జోడీల సీడ్ల మొత్తం 17 రావాలి. 12 నుంచి 16 దాకా జట్లే లేవు కాబట్టి 1 నుంచి 5 సీడ్లకు ఎదుట గడి ఖాళీ. ప్రో కబడ్డీ పదో సీజన్‌లోనూ ఇదే లెక్క. ఆరు జట్లు, ఎనిమిది గళ్లు: మొదటి రెండు స్థానాల్లో ఉన్న పుణెరి పల్టన్, జైపూర్ నేరుగా సెమీస్‌కు వెళ్లాయి. మూడుకు ఆరు, నాలుగుకు ఐదు ఎదురుపడ్డాయి.

ఇదంతా ప్రోగ్రాం రాశాను. ఫైనల్ గడి 1, మొదటి వరుస 16 నుంచి 31. గడి `i`లో ఉన్న జట్టు గెలిస్తే `i//2`కు పోతుంది. ఎదుట గడి ఖాళీగా ఉంటే ఆడకుండానే పోతుంది. తీరా నడిపితే ఒక్క మ్యాచ్ కాకముందే 1వ సీడ్ చాంపియన్ అయి కూర్చుంది! ఎదుటి మ్యాచ్ ఇంకా తేలకపోతే దాన్ని కూడా ఖాళీ అనుకుని పైకి తోసేసింది. అందుకే 'ఎవరూ లేరు' అన్నదానికి ఒక గుర్తు, 'ఇంకా తేలలేదు' అన్నదానికి వేరే గుర్తు పెట్టాను.

సీడింగ్‌కు మా దగ్గర ఉన్నది పోయినసారి ఫలితమే. దాంతో ముగ్గురికే సీడ్ ఇవ్వగలను, మిగతావి చీటీలే. గెలిచిన ఆ జట్టుకే 1వ సీడ్ ఇవ్వాల్సి వస్తోంది, ఏం చేస్తాం.

చార్టు అన్నకు చూపించాను. రెండో సీడ్ అన్నమాట వినిపించుకోలేదు.

"ఈపారి మేమెన్ని ఆడాలె?"

"గెలుస్తూ పోతే మూడే, అన్నా."

"వాళ్లు?"

"వాళ్లు గూడ మూడే."