పాపిడి ఎటు తీయాలి?

ఒకసారి ఫోన్ ఫ్రంట్ కెమెరా తెరిచి మీ మొహం చూసుకోండి. తర్వాత ఎవరినైనా అడిగి బ్యాక్ కెమెరాతో ఒక ఫోటో తీయించుకోండి. రెండో ఫోటోలో మొహం ఏదో తేడాగా, కొంచెం వంకరగా కనిపిస్తుంది. ఫ్రంట్ కెమెరా మనకి అద్దంలా కుడి ఎడమలు మార్చి చూపిస్తుంది. చిన్నప్పటి నుంచి అద్దంలో చూసి చూసి ఆ వంకర మనకి అలవాటైపోయింది. ఫోటోలో అదే వంకర రెండో వైపుకి వెళ్తుంది కాబట్టి కొత్తగా, డబుల్‌గా కనిపిస్తుంది. రెండు కళ్ళూ, రెండు కనుబొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండే మనిషిని నేనైతే ఇంతవరకు చూడలేదు.

మా అక్క విషయంలో మాత్రం ఇది అలవాటు, భ్రమ అని వదిలేసేది కాదు. రెండేళ్ళ క్రితం ఒక రోజు పొద్దున్న లేచేసరికి తన మొహంలో ఎడమ వైపు కదల్లేదు. నీళ్ళు పుక్కిలిస్తే పెదవి మూల నుంచి కారిపోయాయి. ఎడమ కన్ను మూతపడలేదు. అమ్మమ్మ పక్షవాతం అని ఏడుపు మొదలుపెట్టింది. డాక్టర్ చూసి బెల్స్ పాల్సీ అన్నారు. అంటే మొహం కండరాలకి వెళ్ళే నరం వాచి పనిచేయకపోవడం. దీనికి స్టెరాయిడ్ మందు మొదటి 72 గంటల్లోపు మొదలుపెడితే కోలుకునే అవకాశం బాగా పెరుగుతుంది. అక్కకి రెండో రోజే మొదలుపెట్టారు. చాలావరకు తగ్గింది, కొంచెం మిగిలిపోయింది.

ఆ మిగిలిన కొంచెం గురించే ఈ వ్యాసం. ఎందుకంటే మొన్న వేసవిలో అక్కకి నిశ్చితార్థం, మేకప్ డ్యూటీ నాది. పెళ్ళివారి దగ్గర దాచిందేమీ లేదు. పెళ్ళిచూపుల్లోనే అక్క కాబోయే బావగారికి అంతా చెప్పేసింది. కానీ రెండేళ్ళుగా తను ఏ గ్రూప్ ఫోటోలోనూ లేదు. ఉన్నా ఎవరి వెనకో సగం మొహం. నిశ్చితార్థంలో ఎవరి వెనకా దాక్కోలేదు కదా. "దాచమని అడగట్లేదే. చూడగానే ముందు అక్కడే కన్ను పడకుండా చెయ్, చాలు" అంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. పాత ఫోటోల్లో కూడా ఉన్న తేడా వేరు, నిన్నటి దాకా లేనిది ఈరోజు వచ్చిందంటే వేరు. కన్ను సడన్‌గా వాలిపోయినా, నవ్వు పక్కకి పోయినా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, సాయంత్రమయ్యేసరికి రెప్ప బరువెక్కి కిందకి దిగుతున్నా మేకప్ కిట్ మూసేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. దానితో పాటు చెయ్యి బలహీనపడినా, మాట తడబడినా అసలు ఆగొద్దు, వెంటనే హాస్పిటల్.

సరే, మేకప్. ముందు చేయాల్సింది కొలవడం. మేం కోడ్ రాసేవాళ్ళం కదా, బగ్ ఎక్కడుందో తెలియకుండా లైన్లు మార్చడం నాకు నచ్చదు. అక్కని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టాను, వెలుతురు రెండు వైపులా సమానంగా పడేలా. ఐదారు అడుగుల దూరం నుంచి జూమ్ చేసి బ్యాక్ కెమెరాతో తీశాను. దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు ఉబ్బి మొహమంతా సాగిపోతుంది. కెమెరాలో గ్రిడ్ ఆన్ చేసి, రెండు కళ్ళ లోపలి మూలలూ ఒకే గీత మీద ఉండేలా తల సరిచేశాను. ఇంకో ముఖ్యమైన విషయం, నుదురు వదులుగా ఉండాలి. కళ్ళు మూసుకుని, నెమ్మదిగా తెరవమన్నాను. లేకపోతే ఫోటో అనగానే మనకి తెలియకుండానే కనుబొమ్మలు ఎత్తేస్తాం. అక్కకైతే కుడిది ఒక్కటే లేస్తుంది.

జామెట్రీ బాక్స్ స్కేల్ పెట్టి చూస్తే లెక్క ఇలా తేలింది. ఎడమ కనుబొమ్మ 3 మిల్లీమీటర్లు కిందకి ఉంది. రెప్పల మధ్య తెరుపు కుడి కంటికి 10 మిల్లీమీటర్లు, ఎడమ కంటికి 8. ఇదంతా ఊరికే కూర్చున్నప్పుడు. నవ్వితే సీన్ మొత్తం మారిపోతుంది. నవ్వు కుడికి లాగుతుంది, ఎడమ కన్ను సగం మూసుకుపోతుంది. దెబ్బతిన్న నరం మళ్ళీ పెరిగేటప్పుడు కొన్ని పోగులు దారి తప్పుతాయట. నోటికి వెళ్ళాల్సిన పోగు కంటికి చేరితే, నవ్వమని మెదడు పంపిన సందేశం కంటికి కూడా అందుతుంది. రాంగ్ అడ్రస్‌కి వెళ్ళిన ప్యాకెట్ అన్నమాట.

కనుబొమ్మలతో మొదలుపెట్టాం. 3 మిల్లీమీటర్లు మొత్తం ఒక్క వైపే సరిచేయాలని చూస్తే దొరికిపోతాం. ఎడమ కనుబొమ్మని పెన్సిల్‌తో 3 మిల్లీమీటర్లు పైకి గీస్తే అసలు వెంట్రుకలు ఒక చోట, గీత ఒక చోట ఉంటాయి. అందుకే పంచుకున్నాం. ఎత్తుగా ఉన్న కుడిదానికి త్రెడింగ్‌లో పై వరుస మాత్రమే తీయించాం, అది 1 మిల్లీమీటర్ దిగింది. ఎడమదానికి కింది వరుస తీయించి, పై అంచున కనుబొమ్మ పౌడర్‌ని పలచగా అద్ది 1 మిల్లీమీటర్ పెంచాం. పార్లర్‌లో ఇది నోటితో చెప్తే చాలదు, ఎక్కడ తీయాలో పెన్సిల్‌తో చుక్కలు పెట్టి చూపించాలి. లేకపోతే అలవాటు ప్రకారం రెండిటికీ కిందే తీసేస్తారు, తేడా అలాగే ఉండిపోతుంది. త్రెడింగ్ కూడా ఫంక్షన్‌కి నాలుగు రోజుల ముందే చేయించాం, ఎరుపు తగ్గడానికి.

ఇంకా మిగిలిన 1 మిల్లీమీటర్ పని జుట్టుది. మధ్య పాపిడి అంటే మొహం మీద నిలువుగా గీసిన గీత. అది ఉంటే చూసేవాళ్ళ కన్ను కుడి సగాన్నీ ఎడమ సగాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చేస్తుంది. పక్క పాపిడి తీస్తే ఆ గీతే ఉండదు. మరి ఏ పక్క? చాలామంది చిన్న కన్ను ఉన్న వైపు జుట్టు వేసి కప్పాలనుకుంటారు. మేం రెండూ వేసి ఫోటోలు తీసి చూశాం. ఎడమ వైపు జుట్టు పడితే దాని నీడ కంటి మీద పడి, చిన్న కన్ను ఇంకా చిన్నదైపోయింది. పాపిడి ఎడమ వైపు తీసి, జుట్టుని కుడికి తిప్పి, కుడి కనుబొమ్మ చివరిని కొంచెం తాకేలా వదిలితే బాగా కుదిరింది. ఎడమ నుదురు ఖాళీగా, వెలుతురుగా ఉంది. ఎత్తుగా ఉన్న కనుబొమ్మ తోక కనిపించదు కాబట్టి పోల్చడానికి రెండోది లేదు.

అప్పుడు వచ్చింది అమ్మ, చేతిలో పాపిడి బిళ్ళతో. "పాపిడి బిళ్ళ లేకుండా నిశ్చితార్థం ఏంటే, నలుగురూ ఏమనుకుంటారు?" పాపిడి బిళ్ళ ఉండాలంటే మధ్య పాపిడే ఉండాలి. పైగా నుదుటి మధ్యలో లోలకంలా వేలాడుతూ, ఇదిగో ఇదే మధ్య గీత, ఇక్కడి నుంచి కొలుచుకోండి అని అందరికీ చూపిస్తుంది. అమ్మకి రెండు ఫోటోలూ చూపించాను. కాసేపు చూసి, "సరే, పెళ్ళికి చూద్దాంలే" అని లోపలికెళ్ళిపోయింది. బొట్టు కూడా ఇలాంటిదే. రెండు కనుబొమ్మల మధ్య సరిగ్గా పెడితే వాటి మధ్య మట్టం చూసే పరికరంలా పనిచేస్తుంది. చిన్న గుండ్రటి బొట్టు, కనుబొమ్మల గీత కంటే కాస్త పైకి పెట్టాం. పొడుగు తిలకం వద్దన్నాను.

కళ్ళ దగ్గర కాటుకతో జాగ్రత్త. కింది రెప్ప లోపలి తడి అంచున నల్ల కాటుక పెడితే కన్ను చిన్నదవుతుంది. మామూలుగా చిన్న కంటికి ఆ అంచున నలుపు మానేసి చర్మం రంగు పెన్సిల్ వాడతారు. కానీ అక్క ఎడమ కన్ను ఆ జబ్బు తర్వాత త్వరగా ఎండిపోతుంది, మంట పుడుతుంది. అందుకని లోపల ఏదీ వద్దనుకున్నాం. ఒక కంటికి లోపల కాటుక ఉండి ఇంకో కంటికి లేకపోతే అదో కొత్త తేడా. కాబట్టి రెండు కళ్ళకీ బయటే, కింది వెంట్రుకల దగ్గర. కుడి కంటికి నలుపు, వెంట్రుకలకి ఆనించి. ఎడమ కంటికి ముదురు గోధుమ రంగు, వెంట్రుకల మొదళ్ళకి ఒక్క పిసరు కిందకి, దూదిపుల్లతో చెరిపి. పై రెప్పకి కుడి వైపు ఐలైనర్ మధ్యలో లావుగా వేశాను, ఆ నలుపు తెరుపుని కొంచెం తినేస్తుంది. ఎడమ వైపు వెంట్రుకల మొదళ్ళలో మాత్రమే సన్నగా. ఎడమ కనురెప్పల వెంట్రుకలని పైకి వంచి, మధ్య వెంట్రుకలకే మస్కారా రెండు సార్లు.

లైనర్ వేసేటప్పుడు రెప్పని లాగి పట్టుకుని వేస్తే గీత చక్కగా వస్తుంది, వదలగానే లెక్క తప్పుతుంది. కన్ను తెరిచి, నేరుగా ముందుకి చూస్తున్నప్పుడే ఎక్కడ లావు, ఎక్కడ సన్నం అని గుర్తు పెట్టుకోవాలి. ఇంకోటి, దగ్గర నుంచి చూస్తే రెండు కళ్ళ మేకప్ వేర్వేరుగా కనిపించి తీరుతుంది. భయపడి సమానం చేసేయకండి. ఐదు అడుగులు వెనక్కి వెళ్ళి చూడాలి. ఎవరూ మన కళ్ళని అంత దగ్గరగా చూడరు, అమ్మమ్మ తప్ప.

నవ్వు దగ్గర మేకప్ దాదాపు చేతులెత్తేస్తుంది. పెదవి మూలని లైనర్‌తో పెంచితే ఊరికే ఉన్నప్పుడు బాగుంటుంది, నవ్వగానే కండరం లాగుతుంది, గీత కూడా దానితోనే పోతుంది. ముదురు ఎరుపు, మెరిసే రంగులు అంచుని ఎత్తి చూపిస్తాయి కాబట్టి మెరుపు లేని లేత గులాబీ రంగు వేశాం. కుడి మూల దాకా తీసుకెళ్ళకుండా 2 మిల్లీమీటర్ల ముందే ఆపేశాను. అసలు సాయం చేసింది ఫిజియోథెరపీలో నేర్పిన వ్యాయామం. అద్దం ముందు నెమ్మదిగా, రెండు వైపులా సమానంగా ఉన్నంతవరకే చిన్నగా నవ్వి అక్కడ ఆపడం. అక్కకి అది అప్పటికే వచ్చు. ఫోటోగ్రాఫర్‌కి ఒక్కటే చెప్పాను, ఎడమ చెంప కెమెరా వైపు కొంచెం తిరిగేలా నిలబెట్టమని. కెమెరాకి దగ్గరున్న కన్ను పెద్దగా పడుతుంది, అది చిన్న కన్ను అయితే లెక్క సరిపోతుంది.

ఉంగరాలు మార్చుకునే దాకా అంతా అనుకున్నట్టే జరిగింది. భోజనాల దగ్గర నేను హ్యాండ్‌బ్యాగ్‌లో దూదిపుల్లలు, టిష్యూలు పెట్టుకుని అక్క పక్కనే కూర్చున్నాను. ఎందుకంటే ఏదైనా తింటే అక్క ఎడమ కంట్లో నీళ్ళు వస్తాయి. లాలాజలం వైపు వెళ్ళాల్సిన పోగులు కన్నీటి గ్రంథికి చేరితే ఇలా అవుతుంది. అందుకే వాటర్‌ప్రూఫ్ మస్కారా వాడాం. గోంగూర ముద్ద నోట్లో పెట్టుకోగానే మొదలైంది. తుడవకూడదు, కింద అద్దాలి అంతే. అవతలి వరస నుంచి ఒక పెద్దావిడ "పుట్టిల్లు వదలాలంటే అప్పుడే ఏడుపొచ్చేసిందా తల్లీ" అన్నారు. బావగారు పక్కనుంచి "గోంగూర అండీ" అన్నారు. అక్క పళ్ళు కనిపించేలా నవ్వేసింది, ఎడమ కన్ను సగం మూసుకుపోయి, నోరు పూర్తిగా కుడికి లాగి. ఫోటోగ్రాఫర్ సరిగ్గా అప్పుడే క్లిక్ మనిపించాడు.

ఆల్బమ్‌కి ఫోటోలు ఎంచేటప్పుడు అది తీసేద్దామా అని అడిగాను. ఉండనీ అంది. పెళ్ళి కార్తీకంలో. పాపిడి బిళ్ళ సంగతి మాత్రం అమ్మకీ నాకూ మధ్య ఇంకా తేలలేదు.