గాలిలో తేలే మెట్లు

గత వేసవిలో మా చిన్నాయన కుమారుడు పుంగనూరులో కడుతున్న ఇంటిని చూడటానికి వెళ్ళాను. పునాదులు లేచి, గోడలు సగానికి వచ్చాయి. శ్లాబు పోయడానికి ఇంకా మూడు వారాలు ఉంది. "అన్నా, మెట్లు ఇట్లా పెట్టిస్తాండా, చూడు" అంటూ అతడు చేతిఫోను నా ముందు పెట్టాడు. యంత్రానికి నాలుగు మాటలు చెప్పి గీయించుకున్న బొమ్మ అది. తెల్లని గోడలోంచి పొడుచుకు వచ్చిన టేకు పలకలు, వాటి పక్కన నిలువెత్తు గాజు, గాజుపైన సన్నని కొయ్య కమ్మీ. కిటికీలోంచి ఏటవాలుగా పడే వెలుతురు. చూడగానే ఎవరికైనా అటువంటి ఇల్లు కావాలనిపిస్తుంది. నాకూ అనిపించింది.

నా వృత్తి ఇళ్ళ నమూనాలు గీయడం. అందువల్ల బొమ్మలో మెట్లు కనిపిస్తే వాటిని లెక్కపెట్టకుండా ఉండలేను. పలకలు పదకొండు ఉన్నాయి. పన్నెండో అడుగు పై అంతస్తు మీద పడాలి. తమ్ముడి ఇంట్లో కింది నేలనుండి పై నేలకు పది అడుగుల ఆరంగుళాలు, అంటే 126 అంగుళాలు. దాన్ని పన్నెండుతో భాగిస్తే ఒక్కొక్క మెట్టు పదిన్నర అంగుళాల ఎత్తు వస్తుంది. మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా అవ్వ ఆ ఇంట్లోనే ఉండబోతోంది. పదిన్నర అంగుళాలంటే ఆమెకు మెట్టు కాదు, అరుగు.

మెట్ల కొలతకు పాత సూత్రం ఒకటి ఉంది. 17వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాన్స్వా బ్లాండెల్ మనిషి అడుగును ప్రమాణంగా తీసుకొని దీన్ని చెప్పాడు. మెట్టు ఎత్తును రెండింతలు చేసి దానికి మెట్టు వెడల్పు కలిపితే, మన అంగుళాలలో సుమారు ఇరవైనాలుగు లేదా ఇరవైఅయిదు రావాలి. ఏడంగుళాల ఎత్తు, పదంగుళాల వెడల్పు తీసుకుంటే సరిగ్గా ఇరవైనాలుగు. ఆ లెక్కన తమ్ముడి ఇంటికి పద్దెనిమిది ఎత్తులు, పదిహేడు పలకలు కావాలి. పదిహేడు పలకలు తిన్నగా పరిస్తే పద్నాలుగు అడుగుల రెండంగుళాల పొడవు. హాలు పొడవు పదహారడుగులే. మొదటి మెట్టు ముందు మనిషి నిలబడటానికి రెండడుగులు కూడా మిగలవు. బొమ్మలో ఆ మెట్లు హాయిగా ఇమిడిపోయాయంటే కారణం, యంత్రం ఆరు పలకలను మింగేయడమే.

తరువాత చేతికమ్మీని చూశాను. దీన్ని పరీక్షించడానికి కొలబద్ద అక్కరలేదు, బొమ్మలోని మెట్టే కొలబద్ద. దూరం పోయేకొద్దీ అన్నీ చిన్నవిగా కనిపిస్తాయి కనుక, ఏ మెట్టు దగ్గర కమ్మీ ఎత్తు చూస్తామో ఆ మెట్టు ఎత్తుతోనే దాన్ని పోల్చాలి. మెట్టు అంచునుండి నిట్టనిలువుగా కమ్మీ పైభాగానికి మూడడుగులు, లేదా మరో మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి. ఏడంగుళాల మెట్టయితే అది అయిదు మెట్ల ఎత్తు పైచిలుకు. ఎంత ఉన్నా, కిందినుండి పైదాకా ఒకే నిష్పత్తిలో ఉండి తీరాలి. ఆ బొమ్మలో కింది మెట్టు దగ్గర మూడున్నర మెట్ల ఎత్తున మొదలైన కమ్మీ, పైకి పోయేసరికి రెండు మెట్ల ఎత్తుకు జారింది. పదిన్నర అంగుళాల మెట్టుతో లెక్కిస్తే ముప్ఫైఏడంగుళాల దగ్గర మొదలై ఇరవైఒకటికి, అంటే మోకాలిదాకా దిగిందన్నమాట. పడితే ప్రమాదం ఎక్కువగా ఉండే పైభాగంలోనే ఆసరా లేదు.

యంత్రం ఎందుకిలా తప్పుతుంది? దానికి మెట్ల వాటం తెలియదు, మెట్ల బొమ్మల వాటం తెలుసు. లెక్కలేనన్ని ఛాయాచిత్రాలు చూసి, పలక పక్కన పలక ఎలా కనబడుతుందో, గాజు అంచు ఎలా మెరుస్తుందో నేర్చుకుంది. కానీ పదిహేడింటినీ కలిపి కింది నేలకూ పై నేలకూ ముడివేసే లెక్క దానిలో ఎక్కడా లేదు. గాజు వెనుక కమ్మీ, కమ్మీ వెనుక మరో మెట్టు కనిపించేచోట ఏ గీత దేనిదో దానికి తెలియక, ఒకదాన్ని తెచ్చి మరొకదానికి అతికిస్తుంది.

ఇంతకన్నా లోతైన కారణం మరొకటి ఉంది. అసలు ఛాయాచిత్రాలలోనే ముఖ్యమైనది కనిపించదు. తేలే మెట్లు నిజానికి తేలవు. గోడలోపల దాచిన ఉక్కు దూలానికి ఉక్కు చేతులు అతికి, వాటికి కొయ్య పలకలను తొడుగుతారు. ఆ ఉక్కును కనబడనీయకపోవడమే ఆ పనివాళ్ళ నేర్పు. యంత్రం నేర్చుకున్నది ఆ దాపరికాన్నే.

ఈ మాటే చెబుతుంటే పక్కన నిలబడిన మేస్త్రి నవ్వాడు. "మన మోటబావుల్లో లేవా సార్ ఇట్లాంటి మెట్లు?" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. నిజమే. మా సీమలో రాతికట్టు బావుల లోపలి గోడకు ఒక్కొక్క బండ పొడుచుకు వచ్చి, కిందిదాకా వరుసగా దిగుతుంది. చిన్నప్పుడు వాటిమీదే పరుగెత్తి ఈతకు దూకేవాళ్ళం. ఆ బండల తోక భాగం గోడలోపలికి లోతుగా ఉంటుంది. పైనున్న రాళ్ళ బరువంతా దానిమీద కూర్చుంటుంది. అందుకే కొస మీద నిలబడినా బండ కదలదు.

తమ్ముడి గోడ అటువంటిది కాదు. స్తంభాలూ దూలాలూ బరువు మోస్తాయి, వాటి మధ్య తొమ్మిదంగుళాల ఇటుక నింపుడు మాత్రమే. మూడడుగులు బయటికి వచ్చిన పలక కొసన ఎనభై కిలోల మనిషి నిలబడితే, గోడలోని తొమ్మిదంగుళాల తోక దానికి నాలుగింతల బలంతో, అంటే కనీసం 320 కిలోలతో పైకి లేవబోతుంది. దాన్ని అణచిపెట్టే బరువు ఆ ఇటుకలలో లేదు. మొదట కొన్నాళ్ళు పలక కదులుతుంది, పూతలో సన్నని చీలిక కనబడుతుంది, ఆపై ఇటుక వదులవుతుంది. కాబట్టి ఉక్కు దూలాన్ని కింది దూలానికీ పై దూలానికీ బిగించాలి. ఆ బిగింపులు శ్లాబు పోయకముందే పెట్టాలి.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చొని పని తిరగేశాం. ముందుగా కొలతలతో త్రిమితీయ నమూనా చేశాను. ఎనిమిది పలకలు, మూడడుగుల మలుపు అరుగు, మళ్ళీ ఎనిమిది పలకలు. మొదటి వరుస, అరుగు కలిసి తొమ్మిదడుగుల ఎనిమిదంగుళాలలో ఇమిడిపోయాయి. పలక మందం రెండంగుళాలు కనుక మెట్టుకూ మెట్టుకూ మధ్య అయిదంగుళాల సందు మిగిలింది. పసిబిడ్డ తల దూరకుండా ఆ సందు నాలుగంగుళాలకు తగ్గాలని అడుగున కొయ్యపట్టీ చేర్చాను. ఆ నమూనా గీతల చిత్రాన్ని యంత్రానికి ఆధారంగా ఇచ్చాను. 2023లో వచ్చిన కంట్రోల్‌నెట్ వంటి పద్ధతులు చేసేది ఇదే. గీతలు మనవి, రంగూ వెలుతురూ దానివి. ఈసారి బొమ్మలో పలకల సంఖ్య సరిగానే వచ్చింది. అయినా కమ్మీని మలుపు దగ్గర ఒకచోట గాజులోకి కరిగించింది. చెరిపి మళ్ళీ గీయించవలసి వచ్చింది.

తమ్ముడికి మొదటి బొమ్మే నచ్చిందని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. మలుపు వచ్చాక ఆ సొగసు కొంత తగ్గిన మాట నిజమే. అతడేమీ అనలేదు. లోపలికి వెళ్ళి, ఏడంగుళాల ఎత్తున ఇటుకలు పేర్చి, అవ్వను పిలిచి ఎక్కమన్నాడు. ఆమె గోడ పట్టుకొని ఎక్కి, దిగి, "దీనికింత రాద్ధాంతమేందిరా?" అంది.

మరునాడు మేస్త్రి ఉక్కు బిగింపులకు కొలతలు రాసుకున్నాడు.