‘ఓ యాభై’ అంటే ఎంతమంది?

తెలుగులో ఏ అంకెనైనా మెత్తబరచాలంటే ముందు ఒక్క ‘ఓ’ తగిలిస్తే చాలు. ‘పది నిమిషాల్లో వస్తా’ అన్నవాడి కోసం గడియారం చూస్తాం. ‘ఓ పది నిమిషాల్లో వస్తా’ అన్నవాడి కోసం ఇంకో రీల్ చూస్తాం.

ఈ ‘ఓ’కి లొంగని మాట డజను. ‘ఓ డజను ఇవ్వు బాబాయ్’ అన్నా అరటిపళ్ళ బండి మీద పన్నెండే లెక్కపెడతారు. రేటు డజనుకి కదా మరి! అదే ‘డజన్ల కొద్దీ మెసేజ్‌లు’ అంటే మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

మా అక్క సీమంతానికి నాన్న వంటమాస్టారికి ఫోన్ చేసి, ‘ఓ యాభై మంది ఉంటారండీ’ అన్నారు. అవతల నుంచి వెంటనే ప్రశ్న: ‘ఓ యాభయ్యా, యాభై ఆకులా?’

నాన్న కాగితం తీసుకుని కూర్చున్నారు. మనవాళ్ళు పేరుపేరునా లెక్కేస్తే ఇరవై ఇద్దరు. ఎదురింటివాళ్ళు నలుగురైదుగురు. నాన్న ఆఫీసు నుంచి పదీ పన్నెండు మంది. అక్క అత్తవారి వైపు నుంచి ఓ పదిహేను. తక్కువలో తక్కువ వేసి కూడితే యాభై ఒకటి. ‘నే చెప్పలా!’ అన్నట్టు చూశారు.

అంతా విని మాస్టారు ఒక్కటే అడిగారు, ‘ఆ ఓ పదిహేను ఎవరు చెప్పారండీ?’ నలుగురైదుగురు అంటే తేడా ఒక్క ఆకు. పదీ పన్నెండు అంటే రెండు ఆకులు. జంట అంకెలకి రెండు చివరలూ తెలుస్తాయి కాబట్టి ఆయనకి బెంగ లేదు. ‘ఓ’కి మాత్రం పై చివర ఉండదు. అందరూ వచ్చాక అన్నం చాలకపోతే వడ్డించేవాడి ముఖమే కదా చూస్తారు!

నాన్న అక్కడికి ఫోన్ చేసి పేర్లు చెప్పించుకుంటే ఇరవై ఆరుగురు తేలారు. మొత్తం అరవై రెండు నుంచి అరవై అయిదు. మాస్టారు అరవై అయిదు ఆకులకి సరుకులు రాయించారు. ఓ యాభైని నమ్ముకుని ఉంటే ఆఖరి పంక్తికి పెరుగన్నం కూడా మిగిలేది కాదు.

అన్నిటికంటే మాయ అంకె నాలుగు. ‘నాలుగు ముద్దలు తిని వెళ్ళు’ అన్నప్పుడు ఏ అమ్మా ముద్దలు లెక్కపెట్టదు. ‘నాలుగు డబ్బులు వెనకేసుకో’, ‘నలుగురూ నవ్వుతారు’ అన్నవీ అంతే. కచ్చితమైన నాలుగుకి వేరే మాట ఉండేది, పుంజీ. అమ్మమ్మ చింతగింజలు పుంజీల్లో లెక్కపెట్టేది. పుంజీ అంటే నాలుగే, మూడూ కాదు, అయిదూ కాదు. ఆ మాట ఇప్పుడు మనం వాడటం లేదు కాబట్టి, గట్టిగా చెప్పాలంటే ‘నాలుగంటే నాలుగే’ అని రెండుసార్లు అనాల్సి వస్తోంది.

మొన్న ఫ్రెండ్ ఒకడు రెండు వేలు అడిగాడు. నాలుగు రోజుల్లో ఇచ్చేస్తాడట.

‘నాలుగంటే నాలుగేనా?’ అన్నాను.

‘ఓ నాలుగు’ అన్నాడు.