కరెంటు బిల్లులో సగం

ఇద్దరు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్న రోజున "అన్నీ చెరి సగం" అనుకోవడం కంటే సులువైన ఒప్పందం మరొకటి లేదు. దానికి కాగితం అక్కరలేదు, సాక్షులు అక్కరలేదు. అద్దె విషయంలో ఆ మాట ఏళ్ల తరబడి చెల్లుతుంది, ఎందుకంటే అద్దె నెలనెలా మారదు. కరెంటు బిల్లు సంగతి వేరు. అది వాడకాన్ని బట్టి మారుతుంది. పైగా వాడకం రెట్టింపు అయితే బిల్లు రెట్టింపుతో ఆగదు, ఇంకా పైకి పోతుంది. ఈ రెండో సంగతిని చాలామంది గమనించరు. ఒకే వంటింట్లో కాఫీ కాచుకునే ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోవడానికి తరచు అదే కారణం.

హైదరాబాదులో ఒక డాబా మీది వాటాలో ఇద్దరు స్త్రీలు ఉంటున్నారు. ఒకామె నర్సు, నలభైకి దగ్గరపడింది. రెండవ ఆమె బ్యాంకు ఉద్యోగిని, ఆరేళ్లు చిన్నది. చిన్నామె పెద్దామెను "అక్కా" అని పిలుస్తుంది, "మీరు" అంటుంది. నవంబరులో ఇల్లు తీసుకున్నప్పుడు ఉన్నవి ఒక ఫ్రిజ్, రెండు గదుల్లో ఫ్యాన్లు, దీపాలు, స్నానాల గదిలో గీజరు. మార్చి నెలాఖరున నర్సు తన గదిలో ఏసీ పెట్టించుకున్నది. నెలలో సగం రోజులు ఆమెకు రాత్రి డ్యూటీ. తెల్లవారి వచ్చి పగలు పడుకోవాలి. ఎండ నేరుగా శ్లాబు మీద పడే గదిలో మే నెల మధ్యాహ్నం నిద్ర అంటే ఏమిటో అనుభవించినవారికే తెలుసు. కనుక ఆ ఏసీ విలాసం కాదు. ఈ మాట ముందుగా చెప్పుకోకపోతే తరువాతి లెక్కలన్నీ తప్పుదారి పడతాయి.

మార్చిలో వాడకం 170 యూనిట్లు. మే నెలలో 380. హైదరాబాదుకు వర్తించేలా 2022లో నిర్ణయించిన ధరల పట్టిక ప్రకారం నెలకు 100 యూనిట్లు దాటి 200 మించని ఇంటికి మొదటి 100 యూనిట్లు 3 రూపాయల 40 పైసల చొప్పున, తరువాతి 100 యూనిట్లు 4 రూపాయల 80 పైసల చొప్పున పడతాయి. ఆ లెక్కన మార్చి బిల్లు 676 రూపాయలు. చిల్లర పద్దులు వదిలేద్దాం. వాడకం 200 దాటిన నెలలో మాత్రం ఆ చౌక మెట్లు రెండూ మాయమవుతాయి. మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసలు, ఆపైన 100కు 7 రూపాయల 70 పైసలు, ఆపైన మరో 100కు 9 రూపాయలు. అంటే మే నెల బిల్లు 2,510 రూపాయలు. వాడకం రెండు రెట్ల పైచిలుకు పెరిగితే బిల్లు దాదాపు నాలుగు రెట్లయింది. ధరలు రాష్ట్రానికో తీరుగా ఉన్నా, మెట్ల పద్ధతి చాలా రాష్ట్రాల్లో ఉన్నదే.

చెరి సగం అంటే మే నెలలో ఒక్కొక్కరికి 1,255 రూపాయలు. మార్చిలో 338 కట్టిన బ్యాంకు ఉద్యోగిని తన గదిలో కొత్తగా ఒక్క బల్బు అయినా పెట్టలేదు. ఆమె డబ్బు ఇచ్చింది, మాట మింగింది. మింగిన మాట ఊరకే ఉండదు కదా! వారం తిరిగేసరికి ఏసీ చప్పుడు ఆమె చెవికి పెద్దగా వినిపించసాగింది. "కరెంటు మహారాణిగారు నిద్రలేచారా?" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. ఎత్తిపొడుపు మాట ఒక్కసారి బయట పడితే తరువాత ఎంత సరైన లెక్క చూపినా ఎదుటివారికి అది సాధింపుగానే వినిపిస్తుంది.

ఆమె చేసిన మంచి పని, నోరు తెరిచే ముందు మీటరు దగ్గర నిలబడటం. డిజిటల్ మీటరు మీద చిన్న ఎర్రదీపం ఒకటి మినుకు మినుకుమంటూ ఉంటుంది. పక్కనే 3200 imp/kWh వంటి అంకె ముద్రించి ఉంటుంది. 3,200 సార్లు మినుకుమంటే ఒక యూనిట్ ఖర్చయిందని అర్థం. ఏసీ ఆగినప్పుడు నిమిషానికి 16 సార్లు, నడుస్తున్నప్పుడు 96 సార్లు లెక్కకు వచ్చింది. తేడా 80. గంటకు 4,800, అంటే గంటకు ఒకటిన్నర యూనిట్. రోజుకు ఏడు గంటల చొప్పున నెలకు 315 యూనిట్లు!

ఈ అంకె పట్టుకొని ఆమె నేరుగా వెళ్లి ఉంటే పరువు పోయేది. మొత్తం బిల్లే 380 యూనిట్లు. అందులో ఏసీదే 315 అయితే ఫ్రిజ్, ఫ్యాన్లు, దీపాలు అన్నీ కలిపి 65తో సరిపెట్టుకోవాలి. మార్చిలో అవే 170 తిన్నాయి. పొరపాటు ఎక్కడంటే, గది చల్లబడ్డాక ఏసీ అంత కరెంటు లాగదు. పాత రకమైతే కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది, ఇన్వర్టర్ రకమైతే వేగం తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాల్లో లెక్కపెట్టినది రోజంతటికీ వర్తించదు.

ఏసీకి అంటించిన నక్షత్రాల చీటీ మరో అంకె చెప్పింది. ఏడాదికి సుమారు 1,000 యూనిట్లు అని ఉన్నది. ఆ చీటీ ఏడాదికి 1,600 గంటల వాడకాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఆ ప్రకారం గంటకు యూనిట్‌లో మూడింట రెండు వంతులైనా కాదు. నెలకు 130 యూనిట్లు. కానీ ఆ లెక్క ఎండ ఎక్కువగా ఉన్న గంటలనూ తక్కువగా ఉన్న గంటలనూ కలిపి వేసిన సగటు. డాబా మీది గదిలో మే మధ్యాహ్నానికి అది చాలదు. మార్చి బిల్లుతో పోల్చి చూస్తే 210 అని తేలింది. ఒక్క ఏసీకి 130, 210, 315 అని మూడు అంకెలు! ఇలాంటప్పుడు ఏ ఒక్క అంకెనూ తీర్పులా చదివే హక్కు ఎవరికీ లేదు. తెలియనిదాన్ని ఇద్దరూ కలిసి తెలుసుకోవాలని అడగవచ్చు. ఆమె తన మాటను అలాగే మొదలుపెట్టింది.

సమయం విషయంలోనూ ఆమె జాగ్రత్తపడింది. బిల్లు వచ్చిన రోజు కాదు, ఇంటి యజమానురాలు మెట్ల మీద ఉన్నప్పుడు కాదు, నర్సు రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఉదయం అసలే కాదు. ఆమె సెలవు రోజు సాయంకాలం, ఇద్దరూ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు అన్నది: "అక్కా, మనం చెరి సగం అనుకున్నప్పుడు ఇంట్లో ఏసీ లేదు. ఏసీ వచ్చాక బిల్లు మెట్టు మారింది. ఆ పాత లెక్క ఇప్పటికీ సరిపోతుందా అని నాకు సందేహంగా ఉంది. ఈ రెండు బిల్లులూ ఒకసారి చూస్తారా?"

ఈ మాటల్లో "మీరు ఎక్కువ వాడుతున్నారు" అన్నది ఎక్కడా లేదు. మెట్టు మార్చినది బిల్లు, పాతబడినది లెక్క. తెలుగులో ఎదుటివారిని కలుపుకొనే "మనం" వేరుగా ఉండటం ఇటువంటప్పుడు ఎంతో సాయం. "న్యాయం" అన్న మాట కూడా ఆమె వాడలేదు. వంటింట్లో ఆ మాట పలికితే కోర్టు వాసన వస్తుంది. "సరిపోతుందా" అన్నదానికి ఆ వాసన లేదు.

అయినా నర్సు ముఖం మాడింది. "పగటిపూట ఆ గదిలో ఏసీ లేకుండా ఒక్క గంట పడుకొని చూడమ్మా" అన్నది.

"మానమనడం లేదు అక్కా. మీకు నిద్ర కావాలి, ఏసీ ఉండాల్సిందే. ఆ యూనిట్లు ఏ పద్దులో రాయాలన్నదే అడుగుతున్నాను."

వాడకం వేరు, పద్దు వేరు. ఈ రెండూ విడిపడిన తరువాత సంభాషణ నిజంగా మొదలైంది. నర్సు బిల్లులు చేతిలోకి తీసుకున్నది. కాసేపటికి, "మరి చలికాలంలో గీజరో? నేను ఆసుపత్రిలోనే స్నానం చేసి వచ్చేదాన్ని" అన్నది. చిన్నామెకు ఇది తట్టనే లేదు. 2,000 వాట్ల గీజరు రోజుకు 20 నిమిషాలు నడిస్తే నెలకు 20 యూనిట్లు. 4 రూపాయల 80 పైసల మెట్టు మీద 96 రూపాయలు. అందులో సగం నర్సు మూడు నెలలపాటు కిమ్మనకుండా కట్టింది. మొత్తం చిన్నదే, కాని అది బల్ల మీదికి రావడంతో ఇద్దరూ ఒకే వైపు కూర్చున్నట్లయింది.

ఇక అసలు చిక్కు మిగిలింది. ఏసీ యూనిట్లు 210 అనే అనుకుందాం. వాటి వెల ఎంత? ఏసీ లేకుంటే బిల్లు 676 అయ్యేది కనుక అందులో సగం 338 చిన్నామెదీ, మిగిలిన 2,172 నర్సుదీ అనడం ఒక పద్ధతి. చిన్నామెకు సహజంగా ఇదే సబబుగా తోచింది. నర్సు అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు లేదు: "నా యూనిట్లే పైమెట్టు మీదివి, నీవి కింది మెట్టువి అని ఎవరు రాశారు? ఇద్దరం ఒకే మీటరు మీద ఉన్నాం కదా." నిజమే. చౌక మెట్లు ఇంటికి ఇచ్చినవి, ఒక మనిషికి ఇచ్చినవి కావు. అందుకని రెండవ పద్ధతి చూశారు. మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగిస్తే యూనిట్‌కు సుమారు 6 రూపాయల 60 పైసలు. అదే ధర అందరి యూనిట్లకూ. అలా అయితే ఏసీకి 1,387. మిగిలిన 1,123లో చెరి సగం. చిన్నామె వంతు 562, నర్సు వంతు 1,948.

ఈ రెండవ పద్ధతి కుదిరింది. ఇందులో చిన్నామె కొంత నష్టపోతున్న మాట వాస్తవమే. ఏసీ పుణ్యమా అని ఆమె ఫ్యాను కూడా ఖరీదైన మెట్టెక్కింది. కాని నెలకు ఒక భాగహారంతో తేలిపోయే లెక్క అది, వాదనకు చోటివ్వదు. ఫ్రిజ్, దీపాలు, ఫ్యాన్లు ఎప్పటిలాగే సగం సగం. ప్రతి స్విచ్చుకూ పద్దు రాస్తే ఇల్లు కొట్టు అవుతుంది. పాత బిల్లులు తిరగదోడలేదు. ఎవరూ నోరు విప్పని నెలల్లో పాత ఒప్పందమే చెల్లినట్లు.

ఇంటి యజమానురాలిని అడిగి, ఏసీ లైనులో ఎలక్ట్రీషియన్ చేత చిన్న సబ్‌మీటరు పెట్టించారు. అంచనాలకు అంతటితో సెలవు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉన్నది. నెలనెలా రీడింగు తీసే మనిషి వచ్చిన రోజునే సబ్‌మీటరు అంకె కూడా రాసుకోవాలి. ఒకటో తారీఖున ఒకటి, ఎనిమిదో తారీఖున ఒకటి చూస్తే రెండు అంకెలూ రెండు వేర్వేరు నెలల సంగతి చెబుతాయి.

జూన్‌లో మొత్తం 310 యూనిట్లు, ఏసీ మీటరు మీద 150. బిల్లు 1,880. భాగహారం నర్సే చేసింది. ఏసీకి 910, మిగిలిన దానిలో చెరి 485. తన వంతు 1,395కి పద్నాలుగు వందలు బల్ల మీద పెట్టి, డిసెంబరులో గీజరు సంగతి తానే గుర్తుచేస్తానని చెప్పి డ్యూటీకి వెళ్లింది.